రాత్రి ప్రింట్లకు ముందు: తెర మీద Thermal Runaway కనిపిస్తే చూడవలసిన తీగలు

వినాయక చవితి దగ్గరపడే కొద్దీ మా పర్లాకిమిడిలో మండపాల అలంకరణ సామాన్ల కోసం త్రీడీ ప్రింటరు రాత్రంతా నడుస్తూనే ఉంటుంది. అలాంటప్పుడు తెర మీద Thermal Runaway అని కనిపించి యంత్రం ఆగితే, దాన్ని రీసెట్ చేసి మళ్లీ మొదలుపెట్టి నిద్రపోవద్దు.

చాలా ప్రింటర్లను లోపలి నుంచి నడిపే మార్లిన్ ఫర్మ్‌వేర్ సాధారణ అమరికలో, నాజిల్ ఉష్ణోగ్రత కోరినదాని కంటే 4 డిగ్రీలకు మించి తగ్గి 40 సెకన్ల పాటు కోలుకోకపోతే హీటరు ఆగి, తెర మీద ఈ సందేశం పడుతుంది. దీనికి రెండు కారణాలు ఉండవచ్చు. హీటరు తీగ తెగితే నాజిల్ నిజంగానే చల్లబడుతుంది. వేడిని కొలిచే థర్మిస్టర్ నాజిల్ పైనున్న లోహపు దిమ్మెలోని తన రంధ్రంలోంచి జారితే మాత్రం అది చల్లటి గాలిని కొలుస్తూ ఉంటుంది, హీటరేమో మరింత కాలుతూ పోతుంది. నిప్పు పుట్టే ప్రమాదం ఎక్కువగా ఈ రెండో సందర్భంలోనే. తెర మీది సందేశం ఈ రెండింటినీ వేరు చేసి చెప్పదు కనుక రెండు తీగలనూ చూడాలి, ఆ రక్షణను ఫర్మ్‌వేర్‌లో ఎన్నడూ తీసేయకూడదు.

స్విచ్ ఆపడంతో సరిపెట్టకుండా ప్లగ్గు పీకేయండి; వానాకాలంలో పోయిన కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియదు. నాజిల్ పూర్తిగా చల్లారాక బోర్డు కప్పు తెరిచి, తీగలు ఉన్నవి ఉన్నట్టు ఫొటో తీసుకుని, రెండింటినీ బోర్డు నుంచి విడదీయండి. పవర్ సప్లై పెట్టెను మాత్రం తెరవవద్దు.

నిరుడు మా యంత్రం హెడ్డు కుడివైపు వెనక మూలకు చేరినప్పుడల్లా ఆగేది. 24 వోల్టుల, 40 వాట్ల హీటరుకు 14.4 ఓముల నిరోధం ఉండాలి. మీటరు దాదాపు అంతే చూపింది. అక్కడితో వదిలేస్తే లోపం దొరికేది కాదు. మీటరు తగిలించి ఉంచి, తీగ కట్టలోకి దూరే చోట మెల్లగా వంచితే అంకె మాయమై, తీగ తెగినట్టు చెప్పే OL అని పడింది. పైతొడుగు బాగానే ఉన్నా లోపలి పోగులు తెగిపోయాయి. అతుకు వేయకుండా తీగతో సహా హీటరు కార్ట్రిడ్జిని మార్చాము. మరలో బిగించే తీగ చివరకు టంకం పెట్టకండి. అది ఒత్తిడికి క్రమంగా నలిగి, పట్టు వదులై, కనెక్టరును కాలుస్తుంది. ఫెర్రూల్ అనే చిన్న లోహపు గొట్టాన్ని తొడిగి నొక్కడం మేలు. హీటరు తీగకూ లోహపు దిమ్మెకూ మధ్య మీటరు ఏ అంకే చూపకూడదు. చూపితే ఆ కార్ట్రిడ్జిని వాడవద్దు.

సాధారణ థర్మిస్టర్ 25 డిగ్రీల దగ్గర లక్ష ఓములు, 30 దగ్గర సుమారు 80 వేలు చూపుతుంది. చల్లారిన దిమ్మెను గుప్పిట్లో పట్టుకుంటే ఆ అంకె నెమ్మదిగా దిగాలి. ఎగిరెగిరి పడితే తీగలో లోపం ఉన్నట్టే. గాజుపూస రకమైతే దాన్ని పట్టే మరను కదలనంత మేరకే బిగించండి, ఎక్కువైతే పూస పగులుతుంది.

అన్నీ బిగించాక ప్రింటు పెట్టకుండా 200 డిగ్రీలకు వేడిచేసి, హెడ్డును నాలుగు మూలలకూ నడిపిస్తూ, పది నిమిషాలు ప్లగ్గు చేతికందేలా పక్కనే కూర్చోండి. అంకె ఒక్క మూలలోనైనా ఊగిసలాడితే ఆ రాత్రి ప్రింటు పెట్టకండి.