పాత బండికి ధర పెట్టే ముందు చూసుకోవాల్సినవి

ఆన్‌లైన్‌లో బండి అమ్మకానికి పెట్టేవాళ్లు చాలామంది లెక్క మొదలుపెట్టేది కొన్నప్పటి బిల్లు నుంచి. "లక్షా అయిదు వేలు పెట్టి కొన్నాను, కనీసం డెబ్బై అయినా రావాలి" అనుకుంటారు. కొనేవాడికి ఆ బిల్లుతో పని లేదు. అదే మోడల్ ఈరోజు షోరూమ్‌లో ఎంతకు వస్తోందో చూసి, దానికంటే ఎంత తక్కువకు ఇస్తారని మాత్రమే అడుగుతాడు. అందుకే బిల్లును పక్కన పెట్టి, ఈనాటి ఎక్స్‌షోరూమ్ ధర కనుక్కోండి. మీరు కట్టిన లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఖర్చు, మొదటి ఇన్సూరెన్స్ ధరలో విడిగా తిరిగి రావు.

2025 సెప్టెంబర్ 22 తర్వాత ఈ జాగ్రత్త మరీ అవసరం. 350 సీసీ వరకు ఉన్న బైకులు, స్కూటర్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కంపెనీ ఆ తగ్గింపు పూర్తిగా ఇస్తే షోరూమ్ ధర దాదాపు 8 శాతం పడిపోయినట్టే. అంతకుముందు ఎవరో అమ్మిన రేటు పట్టుకుని కూర్చుంటే ఫోన్లు రావు.

తర్వాత వయసు. ఇన్సూరెన్స్‌లో బండి విలువను, అంటే ఐడీవీని లెక్కించే పట్టిక దీనికి మంచి ఆధారం. ఏడాది దాటి రెండేళ్ల లోపు బండికి 20 శాతం, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, అయిదేళ్ల లోపు 50 శాతం తగ్గిస్తారు. ఇది మార్కెట్ ధర కాదు. గిరాకీ ఉన్న స్కూటర్ దీనికంటే కొంచెం ఎక్కువే పలుకుతుంది, స్పేర్ పార్టులు దొరకని మోడల్ ఇంకా కిందికి పోతుంది. అయినా లెక్కకు ఒక పునాది దొరుకుతుంది.

హైదరాబాద్‌లో మూడున్నరేళ్లు నడిచిన ఒక 125 సీసీ స్కూటర్ ఉందనుకుందాం. రీడింగ్ 32,000 కిలోమీటర్లు, అదే మోడల్ కొత్తది ఎక్స్‌షోరూమ్ 88,000. అందులో 40 శాతం తీస్తే 52,800. ఇప్పుడు కొనేవాడు వెంటనే పెట్టాల్సిన ఖర్చు చూడాలి. వెనక టైరు గాడులు అరిగి అడుగున ఉండే గుర్తుకు సమానమయ్యాయి, అది మార్చడానికి 2,200. బెల్టు, రోలర్లు మార్చే సమయం వచ్చింది, దానికి మరో 2,000. మిగిలేది 48,600.

టైరు మీరే మార్చి అమ్మాలా? వద్దు. పెట్టిన డబ్బు పూర్తిగా రాదు, ఖర్చు తగ్గించి చెప్పడమే నయం. బ్యాటరీ సంగతి మాత్రం వేరు. సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ కాకపోతే చూడవచ్చినవాడికి ఇంజిన్ మీదే అనుమానం వస్తుంది. 1,500 బ్యాటరీతో పోయేదానికి మూడు, నాలుగు వేలు కోస్తాడు. కాబట్టి బ్యాటరీ ముందే మార్చేయండి. పెయింటింగ్ జోలికి పోవద్దు. కొత్త రంగు కనిపిస్తే పడిన బండేమో అని పట్టిపట్టి చూస్తారు.

ఇక ప్రకటనల్లో చూడండి. మీ ఊరిలోనే, అదే మోడల్, అదే సంవత్సరం, దగ్గరి రీడింగ్ ఉన్నవి అయిదారు చాలు. అక్కడ కనిపించేది అడుగుతున్న ధరే, అమ్ముడైన ధర కాదని గుర్తుంచుకోండి. నెల రోజులుగా అలాగే ఉన్న ప్రకటన ఆ రేటుకు ఎవరూ కొనడం లేదని చెబుతోంది. పాత బండ్ల డీలర్ దగ్గర కూడా ఒక ధర అడగండి. ఈ స్కూటర్‌కు అతను 40,000 అన్నాడనుకుందాం. అతని లాభం పోగా ఇచ్చే ధర అది. నేరుగా అమ్మితే అంతకంటే కిందికి దిగే పనే లేదు.

ఈ బండికి 49,900 పెట్టండి, 46,000 దగ్గర ఆగాలని ముందే మనసులో అనుకోండి. 51,000 పెడితే 50,000 లోపు అని వెతికేవాళ్లకు మీ బండి కనిపించనే కనిపించదు.

బేరంలో ధర ఎక్కువగా కోసేది కాగితాల దగ్గరే. లోన్ తీరినా ఆర్సీలో ఫైనాన్స్ పేరు అలాగే ఉంటే, బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 పెట్టి ముందే తీయించండి. పెండింగ్ చలాన్లు కట్టేయండి. ఏపీ నంబర్ బండిని తెలంగాణలో అమ్ముతుంటే, కొనేవాడు ఇక్కడి ట్యాక్స్ కట్టాల్సి వస్తుంది కాబట్టి ఆ మేరకు తగ్గించి అడుగుతాడు. అమ్మే ఆలోచన ఉంటే డిసెంబర్ లోపే పెట్టండి. జనవరి రాగానే అదే బండిని ఇంకో ఏడాది పాతదిగా లెక్కేస్తారు.

ప్రకటన పెట్టిన గంటలోనే బ్రోకర్ల ఫోన్లు వరసగా వస్తే ధర తక్కువ పెట్టారన్నమాట, పెంచుకోవచ్చు. వారం గడిచినా బండి చూడ్డానికి ఎవరూ రాకపోతే 1,500 తగ్గించండి.