కంపెనీ లోన్‌కు పర్సనల్ గ్యారంటీ: సొంత అప్పునూ వ్యాపారం అప్పునూ ఎలా వేరు చేసుకోవాలి?

ప్రైవేట్ లిమిటెడ్ పెట్టాం కాబట్టి కంపెనీ మునిగినా మన ఇంటి జోలికి ఎవరూ రారని చాలామంది ధీమాగా ఉంటారు. కంపెనీ కట్టకపోతే నేనే కడతానని బ్యాంకుకు రాసిచ్చే పర్సనల్ గ్యారంటీ కాగితం మీద సంతకం పెట్టిన రోజుతో ఆ ధీమా పోతుంది.

1. ముందు డబ్బు దారులు వేరు చేయండి. మీ పేరు మీద పర్సనల్ లోన్ తీసి కంపెనీలో వేయకండి. డైరెక్టర్ తన కంపెనీకి అప్పిస్తే, అది వేరేచోట అప్పు చేసి తెచ్చిన డబ్బు కాదని రాసివ్వాలి. పర్సనల్ లోన్ తెచ్చి అలా రాసిస్తే అబద్ధం రాసినట్టే. కంపెనీకి అప్పు కావాలంటే కంపెనీ పేరు మీదే తీసుకోండి. మీ ఇంటి ఈఎంఐ కంపెనీ ఖాతా నుంచి కట్టకండి. జీతం తీసుకుని, అందులోంచి కట్టుకోండి.

2. గ్యారంటీ కాగితం ఇంటికి తెచ్చుకుని చదవండి. రెండు విషయాలు వెతకండి: ఎంత మొత్తం వరకు, ఏ ఏ లోన్లకు. "కంపెనీ బ్యాంకుకు బాకీపడే మొత్తాలన్నిటికీ" అని ఉంటే, రేపు తీసుకునే లోన్ కూడా మీ నెత్తినే పడొచ్చు. ఫలానా లిమిట్‌కు, ఫలానా మొత్తానికి మాత్రమే అని రాయించమని అడగండి. బ్యాంకు ఒప్పుకోకపోవచ్చు, అయినా సంతకానికి ముందు అడగడమే మేలు. తర్వాత మన మాటకు బలం ఉండదు.

3. "చెరి సగం" అనుకోకండి. కంపెనీ కావలసినప్పుడు వాడుకుని తిరిగి కట్టే 40 లక్షల క్యాష్ క్రెడిట్ లిమిట్‌కు ఇద్దరు డైరెక్టర్లు గ్యారంటీ ఇచ్చారనుకుందాం. ఒకాయన రాజీనామా చేశాడు, కంపెనీ రికార్డుల్లో పేరు కూడా తీసేశారు. రెండేళ్లకు 36 లక్షల బాకీతో ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అయింది. నోటీసు ఆయనకూ వస్తుంది. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేలా లేకపోతే, ష్యూరిటీ, అంటే గ్యారంటీ ఇచ్చినవారి బాధ్యత అప్పు తీసుకున్నవారితో సమానం. ముందు కంపెనీ ఆస్తులు అమ్మాకే రావాలన్న నియమం లేదు. మొత్తం 36 లక్షలూ ఆయన ఒక్కడి దగ్గరే వసూలు చేయొచ్చు. తర్వాత ఆయన రెండో డైరెక్టర్ నుంచి 18 లక్షలు రాబట్టుకోవాలి, అదీ అతని దగ్గర ఉంటే. నాకు బాధ కలిగించేది ఇదే: వ్యాపారం వదిలి వెళ్లినవాడు కూడా ఇరుక్కుంటాడు.

4. బయటికి వస్తుంటే, రాజీనామాకు ముందే బ్యాంకు నుంచి గ్యారంటీ విడుదల లేఖ అడగండి. సాధారణంగా మీ స్థానంలో మరొకరు సంతకం పెడితేనే ఇస్తారు. ఇవ్వకపోతే, ఇకపై జరిగే లావాదేవీలకు గ్యారంటీ ఉపసంహరించుకుంటున్నానని రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. అదే చట్టం 130వ సెక్షన్ దీనికి వీలిస్తుంది, కానీ అప్పటిదాకా ఉన్న బాకీకి బాధ్యత మీకు ఉంటుంది. ఆ రోజు బాకీ ఎంతో చూపే స్టేట్‌మెంట్ తీసుకోండి. కొన్ని గ్యారంటీ కాగితాల్లో ఈ హక్కుకు షరతులు పెడతారు కాబట్టి, నోటీసు లాయర్‌కు చూపించి పంపండి.

5. కొన్ని నెలలాగి మీ సిబిల్ రిపోర్టు తీయండి. గ్యారంటర్‌గా ఆ ఖాతా ఇంకా కనిపిస్తుంటే, విడుదల లేఖ జత చేసి బ్యాంకుకు రాయండి.