సెల్ఫ్ నీరసంగా తిరుగుతోంది, మీటర్లో వోల్టేజ్ మాత్రం బాగానే ఉంది: తప్పెక్కడ?

ముందు బ్యాటరీ టెర్మినళ్లు చేత్తో తిప్పి చూడండి. కదిలితే బిగించండి, తెల్లగా బూజు పట్టి ఉంటే వేడినీళ్లు పోసి గీకండి. ఇది చూడకుండా బండి తోసుకుని వచ్చేవాళ్లు వారానికి ఇద్దరైనా ఉంటారు.

ఇప్పుడు డాష్‌బోర్డులో ఉండే వోల్టు మీటరు. కింది అంకెలన్నీ 12 వోల్టుల బండికి. పొద్దున్నే ఇంజన్ వేయకముందు తాళం ఆన్ చేస్తే 12.4కి పైన ఉండాలి, 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12 దగ్గరికొస్తే దాదాపు ఖాళీ. బండి ఆపిన వెంటనే చూసే అంకెను నమ్మొద్దు, అది కాసేపు ఎక్కువే చూపిస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 10కి కొంచెం అటూఇటూ దిగడం మామూలే. 9 కిందికి పడిపోయి ఇంజన్ మూలిగితే బ్యాటరీ ఖాళీ అయినా అయ్యుండాలి, ముసలిదైనా అయ్యుండాలి. ఫుల్ ఛార్జ్ చేసి మళ్లీ చూడండి, అప్పుడూ పడితే మార్చాల్సిందే. ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య. ఐడ్లింగ్‌లో లైట్లు, ఏసీ వేస్తే 13.3 దాకా దిగి, కాస్త రేస్ ఇవ్వగానే పైకి వస్తే భయం లేదు. రేస్ ఇచ్చినా 12.5 దాటకుండా, పోనుపోను ఇంకా దిగుతుంటే బెల్టు, ఆ తర్వాత డైనమో. 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్టే, బ్యాటరీ ఉడికిపోకముందే చూపించండి.

ఇంతవరకూ అందరికీ తెలుసు. నన్ను దెబ్బకొట్టింది వేరే.

కొత్తపట్నం వైపు నుంచి రొయ్యల ఐస్ బాక్సులు తోలే చిన్న ట్రక్కు ఒకటి వచ్చింది. సెల్ఫ్ కొడితే ఊ... ఊ... అని మూలుగుతోంది. "అన్నా, ఆరు నెలల్లో రెండు బ్యాటరీలు మార్చా, ఇంకోటి మార్చమంటే నా వల్ల కాదు" అన్నాడు డ్రైవర్. నేను కూడా మొదట సెల్ఫ్ మోటారు మీదే అనుమానపడి దాన్ని విప్పాను, అర పూట పోయింది. అందులో ఏమీ లేదు. అప్పుడు గానీ మీటరు వైపు సరిగా చూడలేదు: సెల్ఫ్ అంత నీరసంగా తిరుగుతున్నా మీటరు 11.4 దగ్గరే నిలబడి ఉంది. బ్యాటరీ చేతకానిదైతే వోల్టేజ్ పడాలి కదా? పడలేదంటే బ్యాటరీ ఇవ్వడానికి సిద్ధంగానే ఉంది, కరెంటే మోటారు దాకా పోవట్లేదు. ఇంజన్ నడుస్తుంటే లైట్లు వేసి చూశాను, మీటర్లో 13.7. డైనమో మీద నేరుగా మల్టీమీటర్ పెడితే 14.2. ఆ అరవోల్టు ఎక్కడో దారిలో పోతోంది.

పోతున్నది ఇంజన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఉండే ఎర్త్ పట్టీలో. ఈ బండిలో బ్యాటరీ మైనస్ ఛాసిస్‌కి పోతుంది, అక్కణ్ణుంచి ఇంజన్‌కి ఆ పట్టీ ఒక్కటే దారి. సెల్ఫ్ కరెంటు, డైనమో ఛార్జింగ్ రెండూ దాని మీదుగానే. డాష్‌బోర్డు మీటరు ఎర్త్ ఛాసిస్ వైపు ఉంటుంది కాబట్టి సెల్ఫ్ కొట్టినప్పుడు ఆ పట్టీలో జరిగే నష్టం దానికి కనపడదు. సముద్రపు గాలి, బాక్సుల్లోంచి కారే ఉప్పునీళ్లు కలిసి బోల్టు కింద తుప్పు పట్టించాయి. పైకి చూస్తే బోల్టు బిగుతుగానే ఉంది, అదే మోసం.

తేల్చుకోవడం ఇలా. బండి న్యూట్రల్‌లో పెట్టి, మల్టీమీటర్ ఒక కొనను బ్యాటరీ మైనస్ సీసపు ముక్కు మీద, క్లాంపు మీద కాదు, రెండోది ఇంజన్ బ్లాక్ మీద మెరిసే ఇనుము దగ్గర ఆనించి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు లోపు వస్తే సరే. ఈ ట్రక్కుకి 2.9 వచ్చింది. మల్టీమీటర్ లేకపోతే జంపర్ కేబుల్ ఒకటి బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్‌కి వేసి సెల్ఫ్ కొట్టండి, గిర్రున తిరిగితే దొంగ దొరికినట్టే. ఇంకో గుర్తు, సెల్ఫ్ బాగా కొట్టాక యాక్సిలరేటర్ కేబుల్ వేడిగా తగిలితే కరెంటు పట్టీని వదిలి దాని మీదుగా పోతోందన్నమాట.

పట్టీ విప్పాను. కొసన బిగించిన కన్ను లోపల తీగలు పచ్చగా పొడిపొడిగా రాలాయి, అందుకే కొత్తది వేశాను. ఛాసిస్ మీద పెయింటూ తుప్పూ పోయి ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, పళ్ల వాషర్ వేసి బిగించి, ఆ తర్వాత పైన గ్రీజు రాశాను. గ్రీజు ముందే రాయొద్దు. మళ్లీ కొలిస్తే సెల్ఫ్ కొట్టేటప్పుడు 0.2, లైట్లు వేసి నడుపుతుంటే డాష్‌బోర్డులో 14.1. పాత బ్యాటరీలు రెండూ పోయింది పట్టీ వల్లే అయ్యుంటుంది, ఎందుకంటే ఎప్పుడూ సగం ఛార్జింగ్‌తో తిరిగాయి.

పాజిటివ్ కేబుల్ లోపల తెగడం, మీటరే తప్పు చూపించడం కూడా ఉంటాయి గానీ అరుదు. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే కావాలని ఛార్జింగ్ 12.8కి దించుతుంది, దానికి డైనమో విప్పించుకోకండి.