అమ్మ పాత ఖాతాకు డబ్బు చేరింది: నా అనుభవం

అమ్మ ఖాతాకు పంపిన 5,000 రూపాయలు రెండుసార్లూ వెనక్కి వచ్చాయి. నంబరు సరిచూశాను, నెఫ్ట్‌లో పంపాను, నా బ్యాంకుకు ఫోను చేశాను, అంతా వృథా.

అసలు సంగతి వేరు. రెండేళ్లకు పైగా ఖాతాదారు లావాదేవీ ఏదీ చేయకపోతే ఖాతా నిష్క్రియమవుతుంది. బ్యాంకు వేసే వడ్డీ ఈ లావాదేవీల లెక్కలోకి రాదు. అలాంటి ఖాతాలోకి వచ్చిన జమను స్వీకరించే బ్యాంకు వ్యవస్థే తిప్పి పంపింది. పంపేవాళ్లు ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు.

అమ్మే స్వయంగా శాఖకు వెళ్లింది. ఆధార్, పాన్, ఫొటో ఇచ్చి కేవైసీ పత్రం నింపింది, పునరుద్ధరణకు సంతకం చేసింది. రుసుము అడగలేదు; రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం అడగకూడదు కూడా. మూడో పనిదినానికి ఖాతా తెరుచుకుంది. ముందు అమ్మ చేత 100 రూపాయలు జమ చేయించి, తర్వాతే నేను పంపాను.

కొన్ని బ్యాంకులు నిష్క్రియ ఖాతాలోనూ జమను అనుమతిస్తాయి కాబట్టి మీ తిరస్కరణకు కారణం ఇదే కావాలని లేదు.