ఆకు ఫోటో చూసి తిన్నదెవరో చెప్పడం ఎలా?

చిల్లులు పడ్డ ఆకు ఒక్కటి తెంపి, గట్టు మీద పెట్టి, ఫ్లాష్ వేసి తీస్తే ఆ ఫోటోతో ఏదీ తేలదు. ఆకు మొక్కకు ఉండగానే తీయాలి. పైవైపు ఒకటి, అడుగువైపు ఒకటి, మొక్క మొదలు కనిపించేలా ఒకటి, మూడు చాలు. పక్కన రూపాయి బిళ్ళ ఉంచితే చిల్లు ఎంతుందో తెలుస్తుంది. పొద్దున ఏటవాలు ఎండలో తీయండి. ఫ్లాష్ వద్దే వద్దు.

ముందు తేలికైనవి తీసేద్దాం. చిల్లేమీ లేకుండా తెల్లటి వంకర గీత సన్నగా మొదలై పోనుపోను వెడల్పయితే అది పాము పొడ. పురుగు రెండు పొరల మధ్య తింటుంది కాబట్టి ఆకు పై పొర చిరగదు. వంగ, కాకర ఆకుల్లో ఈనెలు వదిలేసి, మధ్య పచ్చదనాన్ని దగ్గర దగ్గర వరుసల్లో గీకి ఉంటే అక్షింతల పురుగు. అప్పుడే పుట్టిన లద్దె పురుగు పిల్లలూ గీకుతాయి గానీ వాటికి వరుస ఉండదు, ఒకే ఆకు అడుగున గుంపుగా చేరి దాన్ని పలచటి పొరలా చేస్తాయి.

అందరూ తప్పేది పెద్ద చిల్లుల దగ్గర. ఎదిగిన లద్దె పురుగూ, నత్తా రెండూ రాత్రే తింటాయి, తెల్లారేసరికి రెండూ కనబడవు. పాతపట్నం, పర్లాకిమిడి వైపు వానాకాలంలో ఇంటి పెరట్లో ఆకు చిల్లు పడగానే పురుగు మందు కొట్టేస్తారు. తిన్నది నత్తయితే ఆ మందుల్లో చాలావాటికి అది చావదు.

లద్దె పురుగు దవడలతో కొరుకుతుంది, చాలాసార్లు ఆకు అంచు నుంచి లోపలికి వంపులు వంపులుగా తినుకుంటూ వస్తుంది. నత్త ఆకురాయి లాంటి నాలుకతో అరగదీస్తుంది, అందుకే ఆకు మధ్యలోనూ చిల్లు మొదలవుతుంది. కానీ చిల్లు అంచు ఒక్కదాన్నే నమ్ముకుని తీర్పు చెప్పకండి. లేత ఆకు పెరిగే కొద్దీ చిల్లూ సాగుతుంది, అంచు ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది, అప్పుడు ఎవరు తిన్నా ఒకేలా ఉంటుంది. రాత్రి పడ్డ తాజా చిల్లునే చూడాలి.

అసలు సాక్ష్యం రెట్ట. లద్దె పురుగుది విడివిడి గుళికలుగా కింది ఆకుల మీద రాలి ఉంటుంది. నత్తది సన్నటి తాడులా మెలికలు తిరిగి ఆకుకు అంటుకుంటుంది, దగ్గర్లో ఆరిన జిగురు చార మెరుస్తుంది. ఆ మెరుపు ఏటవాలు వెలుతురులోనే ఫోటోకు దొరుకుతుంది. వాన పడితే రెట్టా, చారా రెండూ కొట్టుకుపోతాయి, అందుకని వానకు ముందే తీయాలి.

ఒక వంగ మొక్క ఫోటోలనే తీసుకోండి. నేలకు దగ్గరున్న ఆకులకే చిల్లులున్నాయి, పై చిగురు బాగుంది. కింది ఆకుల మీద గుళికలు లేవు, కాండం మొదట్లో వెండి రంగు చార ఉంది. ఇది నత్తే. చార కనబడకపోతే మాత్రం ఖాయం చేయకండి. సాయంత్రం మొక్క మొదట్లో తడి గోనెసంచి పరిచి, తెల్లవారగానే ఎత్తి చూడండి. నత్తలుంటే దాని కిందే దాక్కుని ఉంటాయి, దాన్నీ ఒక ఫోటో తీయండి.