నీటి గుంట దగ్గర ఆగిపోయిన బండి

విజయనగరంలో మా కాలేజీ సెల్ఫ్-డ్రైవింగ్ షటిల్ వాన వెలిసిన ప్రతిసారీ ఖాళీ రోడ్డు మీదే ఆగిపోయేది. కెమెరా ఫొటోలో ఏది రోడ్డో, ఏది ఆకాశమో మోడల్ గుర్తుపెట్టే మాస్క్ తెరిచి చూస్తే, నీళ్లు నిలిచినచోట రోడ్డుకు చిల్లు పడి ఉంది. నీళ్లలో ఆకాశం మెరుస్తుంటే మోడల్ దాన్ని ఆకాశమనే అనుకుంది. మోడల్ గుర్తించిన భాగం అసలు భాగంతో ఎంత కలుస్తుందో చెప్పే ఐఓయూ స్కోరు మొత్తం మీద మాత్రం బాగానే ఉంది, టెస్టు ఫొటోలు దాదాపు అన్నీ ఎండలో తీసినవి మరి! తడి ఫొటోలను విడిగా కొలిచాకే తేడా బయటపడింది.

తప్పు మాదే. ట్రైనింగ్‌లో ఫొటోలను తలకిందులు చేస్తున్నాం. ఇక ఆకాశం పైన ఉంటుందని మోడల్‌కు ఎలా తెలుస్తుంది? `VerticalFlip` తీసేసి, తడి ఫొటోలు చేర్చి, గుంటలను ‘నీళ్లు’ అనే వేరే క్లాసుగా గీశాం. ఇప్పుడు బండికి అవి కూడా రోడ్డు కిందే లెక్క, కానీ కనిపించగానే బండి నడక వేగానికి తగ్గుతుంది. లోతెంతో మాస్క్ చెప్పదు కాబట్టి, పెద్ద గుంటైతే బ్రేకు వేయాల్సింది బండిలో ఉన్న డ్రైవరే.