అడ్వాన్సులో కోత పడిందా? ముందు పెయింటింగ్ షరతు చూడండి

లక్షణం: తాళాలు అప్పగించిన తరువాత, రెండు నెలల అద్దె అడ్వాన్సుగా ఇచ్చినవారి చేతికి అందులో సగం కూడా తిరిగి రాదు. ఈ ఫిర్యాదుతో వచ్చిన వారిని నేను మొదట అడిగేది అద్దె ఒప్పంద పత్రమే. చాలామంది దానిని సంతకం చేసిన రోజు తరువాత మళ్ళీ తెరిచి ఉండరు.

అసలు కారణం: హైదరాబాదులో నేనున్న ఇంటికి మొదటి అద్దె 18,000, అడ్వాన్సు 36,000 రూపాయలు. పదకొండు నెలలకొకసారి 5 శాతం చొప్పున రెండుసార్లు పెరిగి అద్దె 19,845 అయింది. ఖాళీ చేసినప్పుడు యజమాని పెయింటింగ్‌కు 19,845, మరమ్మతులకు 4,500 పట్టుకొని 11,655 చేతిలో పెట్టారు. గోడల మీద గీత కూడా లేదని వాదించాను. పత్రం రెండవ పుటలో మాత్రం, ఖాళీ చేయునాడు ఒక నెల అద్దె పెయింటింగ్ నిమిత్తం మినహాయించబడునని ఉంది. గోడలు ఎలా ఉన్నాయన్న ప్రసక్తే అందులో లేదు. పైగా అడ్వాన్సు ఉన్నచోటనే ఉండగా, ఆ "ఒక నెల అద్దె" మాత్రం ప్రతి పెంపుతోనూ పెరుగుతూ వచ్చింది.

చట్టం కాపాడుతుందనుకోవద్దు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను సాధారణ వాడకంలో వచ్చే అరుగుదలను అద్దెదారు బాధ్యత నుండి మినహాయించింది కానీ, అది విరుద్ధమైన ఒప్పందం లేనప్పుడు వర్తించే నియమం. మనం సంతకం చేసినదే ఆ విరుద్ధమైన ఒప్పందం.

పరిష్కారం: బేరం టోకెన్ ఇవ్వకముందే జరగాలి. నెలకు 500 తగ్గించమని పట్టుబడితే పదకొండు నెలలకు మిగిలేది 5,500. పెయింటింగ్ షరతు తీయిస్తే నా లెక్కలో మిగిలేది దాదాపు 20,000. యజమాని ససేమిరా అంటే, "అసలు బిల్లు మేరకు, 8,000కు మించకుండా, రెండేళ్ళలోపు ఖాళీ చేస్తేనే" అని రాయించండి. ఇప్పటికే సంతకం చేసి ఉంటే, పదకొండు నెలలు నిండి కొత్త పత్రం రాసుకొనేటప్పుడు అద్దె పెంపునకు ఒప్పుకుంటూ ఈ వాక్యాన్ని మార్పించండి. ఖాళీ చేసే నెలలో అడిగితే యజమాని ఎందుకు వింటారు?

ఆ 4,500 సంగతి వేరు. వాష్ బేసిన్ పగులు నేను చేరేనాటికే ఉంది, కానీ నిరూపించలేకపోయాను. అప్పటి నుండి తాళాలు అందుకున్న రోజునే, సామాను దింపకముందు, ప్రతి కుళాయినీ తిప్పి, గీజరు వేసి, గోడలన్నీ చూపుతూ వీడియో తీసి యజమానికి వాట్సాప్‌లో పంపుతున్నాను. దయచేసి దీనిని వాయిదా వేయకండి.

కరెంటు బకాయి, నోటీసు గడువు తగ్గడం వంటివి అరుదు. మీటరు ఫోటో, తేదీతో పంపిన సందేశం ఉంటే తేలిపోతాయి.